పైపు ధర పెరిగింది, లారీలు ఆగాయి, పనివాళ్లు కూర్చున్నారు: సప్లయర్‌కి ఫోర్స్ మేజర్ దక్కేది దేనికి?

హైదరాబాద్ బాలానగర్‌లో ఆసుపత్రి మంచాలు తయారుచేసే ఒక చిన్న షెడ్డు ఉందనుకుందాం. ఒక ప్రభుత్వ ఆసుపత్రి నుంచి 600 మంచాలకు ఆర్డర్ వచ్చింది. మంచం ఒక్కంటికి 11,400 రూపాయలు, ధర ఫిక్స్‌డ్. మొదటి విడతగా 140 మంచాలు 55వ రోజుకల్లా, మిగతా 460 మంచాలు 90వ రోజుకల్లా అందాలి. సెక్యూరిటీ డిపాజిట్ ఐదు శాతం, అంటే 3,42,000 రూపాయలు. ఆలస్యమైతే వారానికి అర శాతం కోత.

ఆ తర్వాత సినిమా కష్టాలన్నీ ఒకే షెడ్డు మీద పడ్డాయి. 40వ రోజుకి స్టీలు పైపు కిలో 62 రూపాయల నుంచి 91కి ఎగబాకింది. మొదటి విడత లోడింగ్ అయిన 54వ రోజునే లారీల సమ్మె మొదలై మూడు రోజులు సాగింది. 60వ రోజున షెడ్డులో పనివాళ్లే బోనస్ కోసం పని ఆపి, 12 రోజులు కూర్చున్నారు. 75వ రోజున యజమాని ఆసుపత్రికి ఒక ఉత్తరం రాశాడు: "మా చేతిలో లేని కారణాల వల్ల, ఫోర్స్ మేజర్ వల్ల, సప్లై చేయలేకపోతున్నాం. రేటు పెంచండి, లేదా ఆర్డర్ రద్దు చేసి డిపాజిట్ తిరిగి ఇవ్వండి."

ఫోర్స్ మేజర్ అంటే, మన చేతిలో లేని ఆటంకం వచ్చినప్పుడు కాంట్రాక్టు బాధ్యత నుంచి ఊరట ఇచ్చే ఏర్పాటు. ఇలాంటి ఉత్తరాలు కొనుగోలు విభాగాలకు తరచూ వస్తుంటాయి. ఇందులో మూడు వేర్వేరు కష్టాలున్నాయి. వాటిలో ఒకదానికి ఊరట దొరుకుతుంది, ఒకదానికి దొరకడం కష్టం, మూడోదానికి దాదాపు దొరకదు. అన్నిటినీ ఒకే మూటలో కట్టి పంపడం వల్ల దక్కాల్సినది కూడా పోయే ప్రమాదం తెచ్చుకున్నాడు యజమాని.

అసలు ఈ హక్కు ఎక్కడ ఉంది?

మాట ఫ్రెంచిది. అసలు పలుకుబడి వేరైనా మన ఆఫీసుల్లో అందరూ ఫోర్స్ మేజర్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. అర్థం కూడా చాలామంది "దైవ ఘటన" అనుకుంటారు కానీ, దీని పరిధి అంతకంటే పెద్దది. 1961లో ధన్‌రాజ్‌మల్ గోబింద్‌రామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట ప్రకృతి వైపరీత్యాల దగ్గరే ఆగిపోదనీ, సమ్మెలూ యంత్రాలు పాడవడం లాంటివి కూడా ఇందులోకి రావొచ్చనీ చెప్పింది.

రావొచ్చు అన్నారు, వస్తాయి అనలేదు. ఎందుకంటే ఫోర్స్ మేజర్ అనే పేరుతో మన చట్టంలో ఏ సెక్షనూ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఆ మాటే కనపడదు. ఆ హక్కు ఉంటే మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది, లేకపోతే లేదు. కాగితంలో క్లాజు ఉంటే కోర్టు దాన్ని చట్టంలోని 32వ సెక్షన్ కింద చూస్తుంది: "ఫలానాది జరిగితే ఫలానా బాధ్యత ఆగుతుంది" అని ఇద్దరూ ముందే ఒప్పుకున్నారు, ఆ ఫలానాది జరిగిందా లేదా అన్నదే ప్రశ్న. క్లాజు లేకపోతేనే 56వ సెక్షన్, అంటే చేయాల్సిన పని అసాధ్యమైపోయి కాంట్రాక్టే రద్దయ్యే సందర్భం.

ఈ రెండో దారి చాలా ఇరుకు. 1953 నవంబర్‌లో తీర్పు వచ్చిన సత్యబ్రత ఘోష్ కేసులో, కలకత్తా దగ్గర ప్లాట్లు వేస్తామన్న స్థలాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం స్వాధీనం చేసుకుంది. అసాధ్యం అంటే అక్షరాలా అసాధ్యమే కానక్కర్లేదు, ఏ ఉద్దేశంతో ఒప్పందం జరిగిందో దాని పునాది కదిలిపోతే చాలు అని కోర్టు సూత్రం చెప్పింది. అయినా ఆ కంపెనీ ఓడిపోయింది. స్వాధీనం తాత్కాలికమే, పైగా పని ఇన్ని రోజుల్లో పూర్తి చేయాలన్న గడువు కాగితంలో లేదు, కాబట్టి పునాది కదల్లేదు అన్నారు. యుద్ధంలో సైన్యం స్థలం తీసుకున్నా దొరకని ఊరట, పైపు ధర పెరిగిందని దొరుకుతుందా అన్నది అక్కడే కొంత అర్థమవుతుంది.

56వ సెక్షన్‌కి మరో చిక్కుంది. అది వర్తిస్తే కాంట్రాక్టు మొత్తం పోతుంది. మూడు రోజుల గడువు కావాల్సినవాడికి ఆ మందు పనికిరాదు. క్లాజు అలా కాదు, సాధారణంగా ఆటంకం ఉన్నన్ని రోజులు మాత్రమే బాధ్యతని ఆపి, తర్వాత మళ్లీ మొదలుపెట్టమంటుంది. కేంద్ర ఆర్థిక శాఖ వస్తువుల కొనుగోలు మాన్యువల్‌లో ఉన్నది ఈ రకమే. యుద్ధం, సమ్మె, అల్లర్లు అందులో పేర్లతో సహా ఉన్నాయి. నిర్లక్ష్యం, ముందే ఊహించగల వానలు మినహాయింపులో ఉన్నాయి. ఆటంకం రాగానే నోటీసు ఇవ్వాలి, అయిపోయాక తీరిగ్గా చెబితే ఒప్పుకోరు. ఆటంకం 90 రోజులు దాటితే ఎవరైనా కాంట్రాక్టు ముగించుకోవచ్చు, ఏ వైపూ డబ్బు బాకీ ఉండదు. మన మంచాల ఆర్డర్లో క్లాజు కూడా ఇలాంటిదే అనుకుందాం, నోటీసుకి ఏడు రోజుల గడువు ఉందనీ అనుకుందాం.

సమ్మె: ఎవరి గేటు దగ్గర?

"సమ్మె" అనే మాట క్లాజులో ఉంది కదా, ఇంకేం కావాలి అనుకోకూడదు. మొదటి ప్రశ్న ఆ సమ్మె ఎవరిది అని.

విద్యుత్ కొనుగోలు ఒప్పందాల్లో దీన్ని చాలా స్పష్టంగా విడదీశారు. దేశమంతా ప్రభావం ఉండే, పరిశ్రమ మొత్తంలో జరిగే సమ్మె అయితే ఫోర్స్ మేజర్. తన సొంత ప్లాంటులో జరిగిన సమ్మె అయితే కాదు. తర్కం తేలికే. లారీల సమ్మెని బాలానగర్ యజమాని ఆపలేడు. బోనస్ గొడవని మాత్రం ఆపగలడు, కనీసం ప్రయత్నించగలడు. తన చేతిలో ఉన్నదాన్ని "మా చేతిలో లేని కారణం" అని రాయడానికి లేదు.

మాన్యువల్ తరహా క్లాజులో ఈ విభజన రాసిపెట్టి లేదు, ఉత్త "సమ్మె" అనే ఉంది. అంతమాత్రాన సొంత సమ్మెకి ఊరట గ్యారంటీ కాదు. ఆ క్లాజు మొదలయ్యేదే "మనిషి చేతిలో లేని అసాధారణ సంఘటన" అని. బోనస్ ఎందుకు ఆగింది? పనివాళ్లు ముందుగా అడిగారా? లేబర్ ఆఫీసులో రాజీ ప్రయత్నం జరిగిందా? యజమాని తరఫున ఎవరైనా వెళ్లారా? ఇవన్నీ బయటికొస్తాయి. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన బోనస్‌ని ఆపి ఉంటే కథ అక్కడితో ముగిసినట్టే. అలా కాక, ఊరంతా ఉన్న యూనియన్ పిలుపు మేరకు ఈ షెడ్డు వాళ్లూ ఆగి ఉంటే వాదనకి బలం ఉంటుంది. అప్పుడు కూడా సమ్మె నోటీసు, పనివాళ్ల హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్, లేబర్ ఆఫీసుతో నడిచిన ఉత్తరాలు ఫైల్లో ఉండాలి. పనివాళ్ల మీద నేరం నెట్టి ఊరట అడిగే ఉత్తరాల్లో మస్టర్ రోల్ జతచేసినది దొరకడం అరుదు.

లారీల సమ్మె సంగతి వేరు. 2024 జనవరి మొదట్లో, హిట్ అండ్ రన్ శిక్ష పెంచిన కొత్త చట్టానికి వ్యతిరేకంగా లారీ, ట్యాంకర్ డ్రైవర్లు ఆగిపోయినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు క్యూలు ఎలా పెరిగాయో చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పెట్రోలు దొరక్క ఒకతను గుర్రమెక్కి ఫుడ్ డెలివరీకి వెళ్లాడు కూడా. అలాంటి సమ్మెని ఏ సప్లయరూ ఆపలేడు. ఇక్కడ చూడాల్సింది కారణం, ఫలితం మధ్య లంకె. 140 మంచాలు తయారై, లోడై, లారీ కదలకపోతే ఆలస్యానికి కారణం సమ్మే. మంచాలు ఇంకా వెల్డింగ్ దగ్గరే ఉండి ఉంటే, రోడ్డు మీద లారీలు తిరిగినా తిరగకపోయినా డెలివరీ అయ్యేది కాదు. అప్పుడు సమ్మె నిజమే కానీ, ఆలస్యానికి కారణం అది కాదు.

మన కథలో మంచాలు లోడయ్యాయి. లోడింగ్ స్లిప్, ఈవే బిల్లు రెండిటి మీదా 54వ రోజు తేదీ ఉంది. యజమాని మేనల్లుడు అదే రోజు సాయంత్రం ఆసుపత్రి అధికారిక చిరునామాకి ఒక ఈమెయిల్ పెట్టాడు: లోడు సిద్ధం, లారీ సమ్మె వల్ల ఆగింది, సమ్మె విరమించగానే పంపుతాం. అధికారి ఫోన్‌కి వాట్సాప్‌లో లారీ ఫోటో పంపింది డ్రైవర్. ఫోటో సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ క్లాజు అడిగే నోటీసు మాత్రం ఆ ఈమెయిలే.

మహమ్మారి: రోగం కాదు, ఆర్డరు తేదీ

మన షెడ్డు మీద మహమ్మారి పడలేదు. కానీ ఈ క్లాజు గురించి దేశమంతా మాట్లాడింది 2020లోనే, అప్పటి పాఠాలు ఇక్కడ పనికొస్తాయి.

2020 ఫిబ్రవరి 19న, అంటే మన దగ్గర లాక్‌డౌన్ ఊసైనా లేనప్పుడు, కేంద్ర ఆర్థిక శాఖ ఒక మెమోరాండం ఇచ్చింది. కరోనా వల్ల చైనా నుంచి గానీ మరో దేశం నుంచి గానీ సరఫరా ఆగితే దాన్ని ప్రకృతి వైపరీత్యంగా భావించవచ్చనీ, తగిన చోట, పద్ధతి ప్రకారం ఫోర్స్ మేజర్ క్లాజు వాడుకోవచ్చనీ చెప్పింది. చాలామంది ఇందులో మొదటి సగమే చదివారు. "తగిన చోట, పద్ధతి ప్రకారం" అన్నది రెండో సగం. మే 13న వచ్చిన మరో మెమో ఇంకా స్పష్టంగా చెప్పింది: గడువుని మూడు నుంచి ఆరు నెలల వరకు కోత లేకుండా పొడిగించవచ్చు, కానీ ఫిబ్రవరి 19 నాటికే కాంట్రాక్టు తప్పి ఉన్నవాళ్లకి ఇది చెల్లదు. పైగా ఇవి ప్రభుత్వ కొనుగోళ్ల కోసం. ఇద్దరు ప్రైవేటు వ్యాపారుల మధ్య కాగితంలో లేని క్లాజుని ఈ మెమోలు తెచ్చి అతికించవు.

ముందే తప్పి ఉన్నవాళ్ల సంగతి ఢిల్లీ హైకోర్టులో హాలిబర్టన్, వేదాంత కేసులో తేలింది. రాజస్థాన్‌లోని మంగళ, భాగ్యం, ఐశ్వర్య చమురు క్షేత్రాల పని అది. లాక్‌డౌన్ పెట్టిన కొద్ది వారాలకే, ఏప్రిల్‌లో, బ్యాంకు గ్యారంటీలు నగదు చేసుకోకుండా కాంట్రాక్టర్ హాలిబర్టన్‌కి తాత్కాలిక రక్షణ దొరికింది. అప్పట్లో ఆ ఆర్డర్ చూసి చాలామంది సప్లయర్లు సంబరపడ్డారు. మే 29న వచ్చిన పూర్తి ఆర్డర్లో ఆ రక్షణ పోయింది. 2019 సెప్టెంబర్ నుంచే పని గడువు తప్పి ఉంది, సరిదిద్దుకోవడానికి పలుమార్లు అవకాశం ఇచ్చారు, అప్పటికే ఉన్న వైఫల్యాన్ని 2020 మార్చిలో వచ్చిన లాక్‌డౌన్ మాఫీ చేయదు అన్నారు.

అదే ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు స్టాండర్డ్ రిటైల్ కేసులో ఇంకో కోణం చూపించింది. దక్షిణ కొరియా నుంచి స్టీలు దిగుమతి చేసుకునే కొనుగోలుదారులు, లాక్‌డౌన్ వల్ల సరుకు తీసుకోలేమనీ, సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్ కింద డబ్బు చెల్లించకుండా ఆపమనీ అడిగారు. కోర్టు క్లాజు తెరిచి చూసింది. అది అమ్మేవాళ్లకి మాత్రమే ఊరటనిచ్చేలా రాసి ఉంది, కొనేవాళ్లకి కాదు. అమ్మినవాళ్లు సరుకు ఓడెక్కించి తమ పని చేసేశారు. పైగా స్టీలు పంపిణీని అత్యవసర సేవల్లో పెట్టారు, లాక్‌డౌన్ కొంతకాలమే ఉంటుంది. ఊరట లేదు.

ఈ రెండు కేసులూ పక్కపక్కన పెడితే, 2020లో న్యాయమూర్తులు "మహమ్మారి ఫోర్స్ మేజరేనా" అన్న పెద్ద ప్రశ్న మీద కాలం వెచ్చించలేదని అర్థమవుతుంది. వాళ్లు అడిగినవి చిన్న ప్రశ్నలు. ఏ ఆర్డరు, ఏ తేదీన, ఏ పనిని ఆపింది? ఆ పనికి మినహాయింపు ఉందా? ఆ తేదీకి ముందు మీ పని ఎక్కడుంది? వైరస్ ఫ్యాక్టరీ గేటుకి తాళం వేయదు, వేసేది ప్రభుత్వ ఉత్తర్వు. దాని నంబరు, తేదీ, మినహాయింపుల జాబితా ఉత్తరంలో ఉండాలి. అత్యవసర వస్తువుల తయారీకి లాక్‌డౌన్‌లోనూ అనుమతి ఉండేది కాబట్టి, ఆసుపత్రి మంచాలు చేసే షెడ్డు ఆ రోజుల్లో ఊరట అడిగితే "మీరు పాసు కోసం దరఖాస్తు పెట్టారా" అన్నదే అధికారి వేసే మొదటి ప్రశ్న అయ్యేది.

ధర: ఎంత పెరిగినా అదే జవాబు

ఇప్పుడు అసలు నొప్పికి వద్దాం. యజమానికి నిజంగా నిద్ర పట్టనివ్వనిది పైపు ధరే. సమ్మెలు దాని మీద కప్పిన దుప్పటి.

ధర పెరిగితే కాంట్రాక్టు తప్పించుకోవచ్చా అన్న ప్రశ్నకి మన కోర్టులు 1960 నుంచీ ఒకే జవాబు చెబుతున్నాయి. అప్పటి కేసు అలోపీ ప్రసాద్ కంపెనీది. వాళ్లు సైన్యానికి నెయ్యి కొనిపెట్టే ఏజెంట్లు. ఒప్పందం 1937 నాటిది. యుద్ధం వచ్చి పరిస్థితులన్నీ తలకిందులయ్యాయి, పాత రేటు కుదరదు, ఎక్కువ ఇవ్వాలి అన్నారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాంట్రాక్టు చేయడం భారంగా మారినంత మాత్రాన, ధరలు అసాధారణంగా పెరిగినంత మాత్రాన, రాసుకున్న రేటు పక్కన పెట్టి కొత్త రేటు ఇప్పించే అధికారం కోర్టుకి లేదంది.

అర్ధ శతాబ్దం తర్వాత అదే ప్రశ్న వేల కోట్ల సైజులో తిరిగొచ్చింది. గుజరాత్ సముద్ర తీరంలో ముంద్రా దగ్గర అదానీ పవర్, టాటాల కోస్టల్ గుజరాత్ పవర్ విద్యుత్ కేంద్రాలు కట్టాయి. 2007లో పోటీ బిడ్డింగు ద్వారా పాతికేళ్లకు రేటు ఖాయం చేసుకున్నాయి. లెక్క ఇండోనేషియా బొగ్గు చవగ్గా దొరుకుతుందన్న నమ్మకం మీద వేశారు. 2010లో ఇండోనేషియా తన నిబంధన మార్చింది. పాత ఒప్పందాలున్నా సరే, 2011 సెప్టెంబర్ నుంచి బొగ్గుని అంతర్జాతీయ ధర కంటే తక్కువకి ఎగుమతి చేయకూడదంది. చవక బొగ్గు లెక్క కుప్పకూలింది.

కంపెనీల వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. ఇది మామూలు మార్కెట్ ఒడుదొడుకు కాదు, ఒక దేశ ప్రభుత్వం చేసిన మార్పు, మేం ఊహించలేదు, మా చేతిలో లేదు. 2016లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ దీన్ని ఫోర్స్ మేజర్ అని ఒప్పుకుంది కూడా. 2017 ఏప్రిల్ 11న ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటని కొట్టేసింది.

కారణాలు చూస్తే తీర్పంతా కాగితం చుట్టూనే తిరుగుతుంది. ఆ ఒప్పందాల క్లాజులోనే, ఇంధనం ఖర్చులో మార్పులు ఫోర్స్ మేజర్ కావనీ, ఒప్పందం భారంగా మారడం కూడా కాదనీ రాసి ఉంది. బొగ్గు ఫలానా దేశం నుంచే తేవాలన్న షరతు ఒప్పందానికి పునాది కాదు, ఎక్కణ్నుంచైనా తెచ్చుకోవచ్చు. రేటులో ఎంత భాగం పెరగాలో, ఎంత స్థిరంగా ఉండాలో బిడ్డు వేసినప్పుడు ఎంచుకున్నది కంపెనీలే. రిస్కు తీసుకుని తక్కువ కోట్ చేసి గెలిచాక, ఆ రిస్కు నిజమైతే కొనేవాడి మీద వేయడం కుదరదు.

అదే తీర్పులో మరో ముక్క ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ ఒప్పందాల్లో "చట్టం మారితే" అని వేరే క్లాజు ఉంది. ఇండోనేషియా నిబంధన భారత చట్టం కాదు కాబట్టి దాని కిందికి రాలేదు. కానీ మన దేశపు బొగ్గు సరఫరా హామీని 2013లో మన ప్రభుత్వమే తగ్గించింది. ఆ మేరకు స్వదేశీ బొగ్గు లోటుకి ఊరట దొరికింది. ఒకే తీర్పు, ఒకే సరుకు, ఖర్చు పెరగడం కూడా రెండు చోట్లా ఉంది. ఫోర్స్ మేజర్ తలుపు మూసుకుంది, చట్టం మార్పు తలుపు తెరుచుకుంది. ధర గురించి బాధ ఉన్న సప్లయర్ వెతకాల్సింది ఈ రెండో తలుపునీ, ధర సవరణ క్లాజునీ.

ప్రభుత్వ కొనుగోళ్లలో ధర సవరణ క్లాజు అంత తేలిగ్గా దొరకదు. సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం డెలివరీ 18 నెలలు దాటే కాంట్రాక్టులకే దాన్ని పెట్టవచ్చు. అంతకంటే తక్కువైతే ధర ఫిక్స్‌డే. 90 రోజుల మంచాల ఆర్డర్లో అది లేదంటే, పైపు ధర రిస్కు మొత్తం కోట్ చేసిన రోజే యజమాని నెత్తిన పడిందని అర్థం. 11,400 అన్న అంకెలో ఆ రిస్కుకి కొంత వేసుకుని ఉండాల్సింది.

ఖర్చు పెరగడానికీ, దారి మూసుకుపోవడానికీ తేడా ఏమిటో కాకినాడ బియ్యం ఎగుమతిదారులకి చెప్పనక్కర్లేదు. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ నిషేధం ఉన్నన్నాళ్లూ తెల్ల బియ్యం పంపాలన్న ఒప్పందం ఉన్నవాడు పంపితే నేరమే. ఇది అసలైన ఆటంకం, ప్రభుత్వ నిషేధం అన్న మాట క్లాజులో ఉంటే ఊరటకి గట్టి కేసు. అప్పటికే లోడింగ్ మొదలైన ఓడలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు కాబట్టి ఇక్కడా తేదీనే తేలుస్తుంది. నెల తర్వాత, ఆగస్టు 25న, ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. ఆ సుంకం ఉన్నప్పుడు కూడా ఉప్పుడు బియ్యం పంపొచ్చు, కాకపోతే లాభం పోతుంది, నష్టం కూడా రావొచ్చు. ఇది ధర సమస్య, ఫోర్స్ మేజర్ కాదు. సుంకం మారితే ఎవరు భరించాలో ఒప్పందంలో రాసుకున్నారా లేదా అన్నదే లెక్క. ఒకే ఎగుమతిదారుడికి, ఒకే రేవులో, నెల తేడాతో వచ్చిన రెండు దెబ్బలకి రెండు వేర్వేరు జవాబులు.

షెడ్డు లెక్క

ఇప్పుడు బాలానగర్ యజమాని పక్కన కూర్చుని కాగితం మీద లెక్క వేద్దాం. మంచానికి 38 కిలోల పైపు పడుతుంది. కిలోకి 29 రూపాయలు పెరిగింది కాబట్టి మంచానికి అదనపు భారం 1,102 రూపాయలు. మొదటి 140 మంచాలు పాత స్టాకుతో అయిపోయాయి. మిగిలిన 460 మంచాల మీద అదనంగా పడేది 5,06,920. ధర పెరగకముందు అతను మంచానికి 900 లాభం వేసుకున్నాడు, 600 మంచాలకి 5,40,000. అంటే ఇంత గగ్గోలు తర్వాత కూడా ఇంకా 33,080 రూపాయలు మిగులుతాయి. నష్టం రాలేదు, అనుకున్న లాభం కరిగిపోయింది. కోర్టు దాకా వెళ్తే అవతలి లాయరు మొదట బయటపెట్టేది ఈ లెక్కే.

సొంత పనివాళ్ల సమ్మె వల్ల 460 మంచాలు 12 రోజులు ఆలస్యం అవుతాయి. మొదలైన వారాన్ని పూర్తి వారంగా లెక్కిస్తే రెండు వారాలు, ఒక శాతం కోత. 460 మంచాల విలువ 52,44,000, కోత 52,440. అన్నీ కలిపితే ఈ ఆర్డర్ మీద అతనికి చివరికి పడే దెబ్బ 19,360 రూపాయలు.

ఇప్పుడు "ఫోర్స్ మేజర్, మేం ఇవ్వం" అని కూర్చుంటే? ఆసుపత్రి ఆ 460 మంచాలు వేరేవాడి దగ్గర కొంటుంది. ఆ రోజు మార్కెట్లో మంచం 12,300 ఉందనుకుంటే మంచానికి 900 తేడా, మొత్తం 4,14,000. దీన్నే రిస్క్ పర్చేజ్ అంటారు, ఆ తేడా తప్పినవాడే కట్టాలి. డిపాజిట్ 3,42,000 ఎలాగూ జప్తు. తేడాని డిపాజిట్‌లోనే సర్దుకోవడానికి అధికారి ఒప్పుకున్నా, మొదటి విడతలో వచ్చిన 1,26,000 లాభం పోగా 2,88,000 నష్టం. రెండూ విడివిడిగా వసూలు చేస్తే 6,30,000. ఆపైన రెండేళ్లో మూడేళ్లో టెండర్లలో పాల్గొనకుండా డీబార్ చేస్తే ఆ నష్టాన్ని ఈ కాగితం మీద రాయలేం.

పందొమ్మిది వేల దెబ్బ తప్పించుకోవడానికి మూడు లక్షలో ఆరు లక్షలో పెట్టుబడి పెట్టే ఉత్తరం అది. నిజానికి ఫోర్స్ మేజర్ ఉత్తరాల్లో చాలావాటికి ముందు ఈ లెక్క ఎవరూ వేయరు. కోపంలో రాస్తారు.

అలాగని యజమాని చేతులు ముడుచుకుని కూర్చోవాలని కాదు. రేటు పెంచమని అడగడంలో తప్పు లేదు, కానీ అది హక్కుగా కాదు, విన్నపంగా. విడిగా, వేరే ఉత్తరంలో, పాత కొత్త పైపు బిల్లులు జతచేసి అడగాలి. కొనేవాడికి ఇష్టమైతే ఇద్దరూ సంతకం పెట్టి కాంట్రాక్టు సవరించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో అది దాదాపు కుదరదు, ఆడిట్ వాళ్లు అధికారి మెడకి చుట్టుకుంటారు. ప్రైవేటు కొనుగోలుదారు అయితే, ముఖ్యంగా వచ్చే ఏడాది కూడా ఇదే సప్లయర్ కావాలనుకునేవాడు అయితే, సగం సగం భరించడానికి ఒప్పుకోవడం చూశాను.

మేనల్లుడు ఆ 75వ రోజు ఉత్తరాన్ని వెనక్కి తీసుకోమని చెప్పాడు. "మామయ్యా, మూడూ కలిపి రాస్తే వాళ్లు ఒక్కటి కూడా చదవరు" అన్నాడు. దాని బదులు రెండు ఉత్తరాలు వెళ్లాయి. మొదటిది అర పేజీ: క్లాజు నంబరు, 54వ రోజున పంపిన ఈమెయిల్ కాపీ, లోడింగ్ స్లిప్, ఈవే బిల్లు, సమ్మె మొదలైన రోజు, ముగిసిన రోజు తెలిపే వార్తల కత్తిరింపులు, సమ్మె విరమించిన మర్నాడే లారీ చేరిందని ఆసుపత్రి స్టోర్ రసీదు, మొదటి విడత గడువు మూడు రోజులు పొడిగించమని అభ్యర్థన. రెండో ఉత్తరంలో 460 మంచాలు 102వ రోజుకి అందిస్తామని, కోత మినహాయించుకోవచ్చని ఉంది. బోనస్ గొడవ ప్రస్తావన అందులో లేదు.

పది రోజుల తర్వాత జవాబు వచ్చింది. మొదటి విడతకి మూడు రోజుల పొడిగింపు, కోత లేదు. రెండో విడతకి కోత నిబంధనల ప్రకారం.